నలభై ఎనిమిది కుర్చీలు, ఒకే ఒక్క దారి

2015 అక్టోబరు 16. ముంబయిలోని కుర్లా. మధ్యాహ్నం భోజనాల వేళ హోటల్ సిటీ కినారా అనే చిన్న రెస్టారెంట్‌లో గ్యాస్ మంటలు లేచాయి. కింద ఉన్నవాళ్లు వీధిలోకి పరుగెత్తారు. పైన మెజనైన్ మీద కూర్చుని తింటున్నవాళ్లకు కిందికి దిగే దారి లేకుండా పోయింది. ఎనిమిది మంది చనిపోయారు, వారిలో ఎక్కువ మంది కాలేజీ విద్యార్థులు. దాదాపు పదేళ్ల తర్వాత, 2025లో బొంబాయి హైకోర్టు ఒక్కో కుటుంబానికి 50 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ముంబయి మునిసిపల్ కార్పొరేషన్‌ను ఆదేశించింది. ఆ హోటల్‌లో ఉల్లంఘనలున్నాయని తెలిసీ అధికారులు చర్య తీసుకోలేదని తప్పుపట్టింది.

ఈ ప్రమాదం గురించి చదివిన వారిలో ఎక్కువ మందికి గుర్తుండేది గ్యాస్ సిలిండరే. నిజానికి అక్కడ ప్రాణాలు తీసినవి రెండు. ఒకటి మంట, రెండోది మనుషులు కూర్చున్న చోటు. గ్యాస్ లీకయ్యే వంటగదులు దేశంలో లెక్కలేనన్ని ఉన్నాయి. అలాంటి వంటగదికి పైన మెజనైన్ వేసి, మంట లేస్తే దిగలేని చోట కుర్చీలు వేయడంతో ఆ లీకు ఎనిమిది మంది చావుకు దారితీసింది. హోటల్‌కు అగ్నిప్రమాద అంచనా వేయడమంటే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం: మంట ఎక్కడ పుట్టగలదు, అది పుట్టిన క్షణంలో ఎవరు ఎక్కడ ఉంటారు?

మన దగ్గర చిన్న హోటల్ పెట్టేవాళ్లకు ట్రేడ్ లైసెన్సు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తెలుసు. అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ విషయానికి వస్తే అది ప్రధానంగా భవనం ఎత్తును, విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది. సందులో నాలుగు షట్టర్ల మధ్య నడిచే టిఫిన్ సెంటరు చాలాసార్లు ఆ కొలతల్లోకి రానే రాదు. అంటే ఏ అధికారీ వచ్చి చూడకపోవచ్చు. చూడాల్సింది యజమానే.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ పని చట్టప్రకారం యజమానిదే. 2005లో తెచ్చి 2006 అక్టోబరు 1 నుంచి అమలు చేసిన ఫైర్ సేఫ్టీ ఆర్డర్ ప్రకారం, పది కుర్చీల కెఫే నడిపేవారైనా సరే తమ ప్రాంగణానికి అగ్నిప్రమాద అంచనా వేసుకోవాలి. మొదట్లో అయిదుగురికి తక్కువ సిబ్బంది ఉన్న చాలామందికి దాన్ని కాగితం మీద పెట్టే బాధ్యత ఉండేది కాదు. 2023 అక్టోబరు 1 నుంచి ఆ మినహాయింపు కూడా పోయింది. అక్కడ ఇడ్లీ, బిరియానీ అమ్ముకునే తెలుగువాళ్లకూ ఇదే నియమం. అక్కడి పద్ధతిలో అయిదు మెట్లున్నాయి: ప్రమాద కారణాలను గుర్తించడం, ప్రమాదంలో పడగల మనుషులను గుర్తించడం, ముప్పును తూచి తొలగించడమో తగ్గించడమో చేయడం, రాసిపెట్టి సిబ్బందికి నేర్పడం, మళ్లీ మళ్లీ సరిచూడటం. విజయవాడలోనైనా వరంగల్‌లోనైనా ఈ పద్ధతిని అలాగే వాడుకోవచ్చు.

మాటల్లో చెబితే ఇది తేలిగ్గానే కనిపిస్తుంది. ఒక హోటల్ లోపలికి వెళ్లి చూస్తేగానీ అసలు సంగతి అర్థం కాదు. మన ఊళ్లలో ఎక్కడైనా కనిపించే లాంటి హోటల్ ఒకటి ఊహించుకుందాం.

ఒక మామూలు హోటల్

ఇరవై అడుగుల వెడల్పు, నలభై అయిదు అడుగుల లోతు. ముందు ఒకే షట్టరు. లోపలికి అడుగు పెట్టగానే ఎడమవైపు పార్శిల్ కౌంటరు, దాన్ని ఆనుకుని దోసె పెనం, వడల మూకుడు. వేడివేడిగా వేస్తున్నది వీధిలో వాళ్లకు కనిపించాలని వాటిని అక్కడ పెట్టారు. మధ్యలో 32 కుర్చీల హాలు. హాలు చివర నిటారుగా ఇనుప మెట్లు, పైన 16 కుర్చీల ఏసీ మెజనైన్. మెట్ల వెనకే వంటగది. వంటగది వెనక తలుపు మూడడుగుల సందులోకి తెరుచుకుంటుంది. ఆ సందులో గ్యాస్ బండలు, నూనె డబ్బాలు, అట్టపెట్టెలు. పిల్లులొస్తాయని, దొంగలొస్తారని ఆ తలుపుకు తాళం. మొదటి అంతస్తులో ఒక కుటుంబం అద్దెకుంటోంది. పనివాళ్లు 11 మంది, వారిలో నలుగురు రాత్రిళ్లు మెజనైన్ మీదే పడుకుంటారు.

అంచనా వేసేవారు మొదట చేయాల్సింది తెల్లకాగితం మీద ఈ హోటల్ బొమ్మ గీయడం. తలుపులు, మెట్లు, పొయ్యిలు, బండలు, కరెంటు బోర్డు ఎక్కడున్నాయో గుర్తించాలి. ఆ తర్వాత రెండుసార్లు హోటల్ మొత్తం తిరగాలి. ఒకసారి ఆదివారం మధ్యాహ్నం రద్దీలో, ఇంకోసారి రాత్రి షట్టరు దించాక. ఖాళీగా ఉన్న ఉదయం పదకొండింటికి చూస్తే ప్రతి హోటలూ క్షేమంగానే కనిపిస్తుంది.

బొమ్మ గీయగానే ఇక్కడ ఒక విషయం బయటపడుతుంది. బయటికి వెళ్లే దారి ఒక్కటే, మరిగే నూనె మూకుడు సరిగ్గా ఆ దారి పక్కనే ఉంది. రెండో దారికి తాళం, దాని అవతల గ్యాస్ బండలు. రోజూ అదే గుమ్మం దాటే యజమానికి ఏళ్ల తరబడి కనిపించని ఈ సంగతి బొమ్మలో మొదటి చూపుకే కనిపిస్తుంది.

మంట ఎక్కడ పుడుతుంది?

గ్యాస్‌తో మొదలుపెడదాం. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది. లీకైన గ్యాస్ పైకి పోదు, నేల మీద పాకుతూ పల్లానికి వెళుతుంది. కాలువ గొట్టాల్లోకి, సెల్లారులోకి దిగి అక్కడే నిలుస్తుంది. గాలిలో దాని పాలు దాదాపు 2 శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. ఒక కిలో గ్యాస్ బయటికొస్తే సుమారు అర ఘనపు మీటరు ఆవిరవుతుంది. అది గాలిలో సమానంగా కలిస్తే పదడుగుల గది మొత్తం అంటుకునే స్థితికి దగ్గరగా వస్తుంది. కమర్షియల్ బండలో ఉండేది 19 కిలోలు.

అందువల్ల ముందు లెక్కపెట్టాల్సింది బండలను. మన ఉదాహరణలో వాడుకలో 4, నిల్వలో నిండువి 3. మొత్తం 7, అంటే 133 కిలోలు. గ్యాస్ సిలిండర్స్ రూల్స్ 2016 ప్రకారం లైసెన్సు లేకుండా ఉంచుకోగల ఎల్‌పీజీ 100 కిలోల వరకే. మరో రెండు ఖాళీ బండలు అడ్డంగా పడి ఉన్నాయి. ఖాళీదనుకునే బండలోనూ కాస్త గ్యాస్ మిగిలే ఉంటుంది. నిండుదైనా ఖాళీదైనా బండ నిలువుగానే ఉండాలి. పడుకోబెడితే ద్రవరూపంలో ఉన్న గ్యాస్ వాల్వు దగ్గరికి చేరుతుంది, అక్కడ లీకైతే ఆవిరికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ బయటికొస్తుంది.

రెండోది రబ్బరు ట్యూబు. ఐఎస్‌ఐ గుర్తున్న సురక్ష ట్యూబును అయిదేళ్లకోసారి మార్చాలి. దాని మీద తయారీ సంవత్సరం ముద్రించి ఉంటుంది. మన హోటల్‌లో పొయ్యి కింద వేడికి ఆనుకుని ఉన్న ట్యూబును వేళ్లతో వంచితే సన్నని పగుళ్లు కనిపించాయనుకుందాం. సంవత్సరం ఏదైనా అది ఆ రోజే మార్చాల్సిన ట్యూబు. లీకు ఉందో లేదో చూడాలంటే సబ్బు నీళ్లు రాసి బుడగల కోసం చూస్తే చాలు. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు ఇంకా కొన్ని వంటగదుల్లో ఉంది. అలా చూస్తున్నవాళ్లు కనిపిస్తే దాన్ని కూడా ప్రమాద కారణంగా కాగితం మీద రాయాల్సిందే. బండ మెడ దగ్గర పట్టీ లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. అది ఆ బండకు మళ్లీ పరీక్ష జరగాల్సిన గడువు. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి, డి ఆ తర్వాతి త్రైమాసికాలు. గడువు దాటిన బండ వస్తే డెలివరీ మనిషికి అక్కడికక్కడే తిప్పి పంపాలి.

ఇక నూనె. వడలు, పూరీలు వేగేది 170 నుంచి 190 డిగ్రీల మధ్య. మాస్టర్ ఫోన్ మాట్లాడుతూ పక్కకు వెళ్లాడు, పొయ్యి మండుతూనే ఉంది. నూనె ముందు పలచగా పొగలు కక్కుతుంది, ఆ పొగ చిక్కబడుతుంది. 350 డిగ్రీలు దాటాక ఎవరూ నిప్పు పెట్టకుండానే దానంతటదే అంటుకుంటుంది. అప్పుడు చేతికందేది నీళ్ల మగ్గు. నీళ్లు నూనెకన్నా బరువు కాబట్టి అడుక్కి దిగి, ఒక్కసారిగా ఆవిరై, 1,700 రెట్లు విస్తరిస్తాయి. మూకుడులో ఉన్న నూనెంతా మండుతూ గాల్లోకి లేస్తుంది. మన హోటల్‌లో ఇది జరిగేది గుమ్మం పక్కన.

గ్యాస్, నూనెల సంగతి అందరికీ కాస్తో కూస్తో తెలుసు. ఎవరూ తలెత్తి చూడనిది డక్టు. పొయ్యి మీద హుడ్, అందులో జల్లెడ లాంటి ఫిల్టర్లు, వాటి వెనక రేకు గొట్టం, చివర ఎగ్జాస్ట్ ఫ్యాను. వేపుళ్ల ఆవిరితో పాటు పైకి వెళ్లే నూనె గొట్టం గోడలకు పేరుకుంటుంది. ఫిల్టర్లను క్లీనరు కుర్రాడు వారానికోసారి కడుగుతాడు. గొట్టాన్ని బిగించిన నాటి నుంచి ఎవరూ విప్పలేదు. పెద్దమంట మీద ఫ్రైడ్ రైస్ ఎగరేసినప్పుడు ఒక జ్వాల ఫిల్టరును తాకి జిడ్డు అంటుకుంటే ఫ్యాను దాన్ని లోపలికి లాక్కుంటుంది. గొట్టం పొడవునా ఉన్న నూనె పొర మండుతుంది. మన ఉదాహరణలో ఆ గొట్టం వెనక గోడ మీదుగా, మొదటి అంతస్తు కుటుంబం కిటికీ పక్క నుంచి పైకి వెళుతోంది.

డక్టు మురికిగా ఉందని ఎలా తెలుస్తుంది? అతుకుల దగ్గర గోధుమరంగు చారలు కారి ఉంటాయి. ఫ్యాను తిరుగుతున్నా పొగ వంటగదిలోనే నిలుస్తుంది. టార్చి వేసి లోపలికి చూడటానికి గొట్టానికి తలుపులుండాలి, అవి లేకపోతే శుభ్రం చేయడం కుదరదు కాబట్టి అది కూడా ఒక లోపమే. అమెరికాలో వాణిజ్య వంటగదులకు వాడే ఎన్‌ఎఫ్‌పీఏ 96 ప్రమాణం ప్రకారం, వేపుళ్లు జోరుగా సాగే వంటగదిలో డక్టును మూడు నెలలకోసారి పరిశీలించాలి. కట్టెలు, బొగ్గులు వాడితే నెలకోసారి. జిడ్డు పొర రెండు మిల్లీమీటర్లకు చేరితే గీకి తీసేయాలి.

కరెంటులో ఒక్క చోటు చూస్తే చాలు, మిగతావి అర్థమవుతాయి. పార్శిల్ కౌంటరు కింద 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంది. 230 వోల్టుల దగ్గర అది మోయగలిగింది 1,380 వాట్లు. దానికి మైక్రోవేవ్, కప్పుల సీలింగ్ మెషీను, బిల్లింగ్ మెషీను, రెండు ఫోను చార్జర్లు తగిలించారు. మైక్రోవేవ్ ఒక్కటే 1,200 వాట్లు లాగుతుంది. ఎలక్ట్రీషియన్ బిగించిన ఎంసీబీ ఉంది కదా అని యజమాని ధీమా. ఆ ఎంసీబీ 20 ఆంపియర్లది, గోడలోని లావు వైరును కాపాడటానికి పెట్టింది. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వేడెక్కి కరిగిపోతున్నా అది పడిపోదు. చేత్తో తాకితే ప్లగ్గు వేడిగా ఉండటం, పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరగడం, ఇవే ముందస్తు గుర్తులు.

మెట్ల కింద డెలివరీ కుర్రాళ్ల ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీలు చార్జింగ్‌లో ఉన్నాయి. ఇది కొత్త తరం ప్రమాదం. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో రూబీ హోటల్ భవనం సెల్లారులో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచాయి. పొగ మెట్ల దారి గుండా పైనున్న లాడ్జిలోకి చేరింది. ఎనిమిది మంది చనిపోయారు. మెట్ల కింద ఏది మండినా ఆ పొగకు మెట్లే చిమ్నీ.

ఎవరికి ప్రమాదం?

చాలామంది అంచనాలో ‘సిబ్బంది, కస్టమర్లు’ అని ఒక్క మాట రాసి ముగిస్తారు. ఈ భాగాన్ని అంత తేలిగ్గా దాటేస్తే మిగతా కాగితానికి విలువ లేదు.

ఆదివారం మధ్యాహ్నం మన హోటల్‌లో 48 కుర్చీలూ నిండి ఉంటాయి, గుమ్మంలో పది మంది ఎదురుచూస్తుంటారు, పనివాళ్లు 11 మంది. అంటే దాదాపు 70 మంది. ఇంగ్లండ్‌లో ఒకే దారి ఉన్న గదికి మామూలుగా పెట్టుకునే పరిమితి 60. అది కూడా ఆ దారి పక్కన మంట పుట్టే అవకాశం లేనప్పుడు. తినడానికి వచ్చినవాళ్లకు వెనక తలుపుందని తెలియదు. ప్రమాదంలో మనుషులు వచ్చిన దారినే వెతుక్కుంటారు. పక్కనే ఇంకో తలుపున్నా అటు చూడరు. మెజనైన్ మీద కూర్చున్నవాళ్లు ఏసీ కోసం పైకెక్కిన కుటుంబాలు: పసిపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు. వేడి పొగ ముందు పైకే చేరుతుంది కాబట్టి కింద ఉన్నవాళ్లకు మంట కనిపించేలోపే పైనున్నవాళ్లకు ఊపిరాడదు.

పనివాళ్లలో ఒడిశా నుంచో, బిహార్ నుంచో, అస్సాం నుంచో వచ్చినవాళ్లు సగం మంది ఉంటారు. గోడ మీద తెలుగులోనో ఇంగ్లిషులోనో రాసిన సూచన వాళ్లకు అక్కరకు రాదు. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగించే మనిషి ఒంటరిగా ఉంటాడు. రాత్రంతా మూసి ఉన్న గదిలో గ్యాస్ నిలిచి ఉంటే, నిద్రమత్తులో ముందుగా లైటు స్విచ్చు వేసేది అతనే.

అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నది పడుకునే ఆ నలుగురు. 2017 డిసెంబరు 18న ముంబయి సాకినాకాలో ఒక ఫర్సాన్ దుకాణం తెల్లవారుజామున తగలబడింది. లోపలే నిద్రపోతున్న పనివాళ్లు పన్నెండు మంది చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్లకు వాసన తెలియదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాళ్లను లేవనివ్వదు. మన ఉదాహరణలో రాత్రి పదకొండింటికి యజమాని షట్టరు దించి బయటి నుంచి తాళం వేసుకుని వెళ్లిపోతాడు. వెనక తలుపు తాళంచెవి గల్లాపెట్టెలో ఉంటుంది. అంచనా వేసేవారు రాత్రిపూట ఒకసారి రావాలని చెప్పింది ఇందుకే. పగలు వచ్చినవారికి కనిపించేవి చుట్టిపెట్టిన నాలుగు చాపలు మాత్రమే.

పై అంతస్తు కుటుంబం పేరు హోటల్ కాగితాల్లో ఎక్కడా ఉండదు. కానీ డక్టు వాళ్ల కిటికీ పక్కనుంది, బండలు వాళ్ల మెట్ల కింద సందులో ఉన్నాయి. వాళ్లు కూడా జాబితాలోకి రావాలి.

తూకం వేయడం

ఇప్పుడు ప్రతి ప్రమాదానికీ రెండు మార్కులు వేయాలి. జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత? ఒకటి నుంచి మూడు వరకు వేసి రెండింటినీ గుణిస్తే సరిపోతుంది. గుమ్మం పక్క మూకుడు: రోజూ గంటలకొద్దీ వేపుడు, మాస్టర్ పక్కకు వెళ్లడం మామూలే కాబట్టి అవకాశం 3, దారే మూసుకుపోతుంది కాబట్టి నష్టం 3. మొత్తం 9. ఎన్నడూ శుభ్రం చేయని డక్టుకూ 9. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు అవకాశం 3, పగలు ఎవరో ఒకరు చూస్తారు కాబట్టి నష్టం 2, మొత్తం 6. తాళం వేసిన గదిలో నిద్రకు అవకాశం 2, నష్టం 3, అదీ 6.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. బోర్డుకూ నిద్రకూ ఒకే 6 వచ్చినా అవి ఒకటి కావు. తాళం వేసిన గదిలో మంట లేస్తే నలుగురూ చనిపోతారు. నష్టం 3 వచ్చిన ప్రతిదాన్నీ మొత్తం ఎంతైనా సరే ముందు వరుసలో పెట్టాలి. మార్కులు వేసేది పనులకు వరుస తేల్చుకోవడానికి. తక్కువ మార్కులు వచ్చాయి కదా అని దేన్నీ వదిలేయడానికి కాదు.

ముందు తీసేయడం, చివర ఎర్ర బండ

అగ్నిభద్రత అనగానే యజమానులు ఎర్ర సిలిండర్లు కొని గోడకు తగిలిస్తారు. అది చివరి పని. ముందు ప్రమాదాన్ని పూర్తిగా తీసేయగలమా చూడాలి. కుదరకపోతే తగ్గించాలి. అదీ కాకపోతే మనుషుల నుంచి దూరం చేయాలి. ఆ మూడూ అయ్యాక మిగిలినదానికి అలారం, ఆర్పే సాధనం.

తీసేయగలిగినవి: మెజనైన్ మీద నిద్ర ఆ రాత్రి నుంచే ఆగాలి. పనివాళ్లకు వేరే గది అద్దెకు తీసుకోవడం ఖర్చే, కానీ ఈ జాబితాలో దానికి ప్రత్యామ్నాయం లేదు. గది దొరికే వరకూ ఆ కొద్ది రోజులైనా బయటి తాళం ఉండకూడదు, లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే తలుపు ఉండాలి, పొగ అలారం మోగాలి. మెట్ల కింద బ్యాటరీ చార్జింగ్ పూర్తిగా ఆపాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి మైక్రోవేవ్‌కు సొంత లైనుతో 16 ఆంపియర్ల సాకెట్ వేయించాలి.

తగ్గించగలిగినవి: రోజుకు రెండు బండలు ఖర్చయ్యే వంటగదికి వాడుకలో రెండు, సిద్ధంగా రెండు చాలు. రోజూ డెలివరీ తెప్పించుకుంటే మొత్తం 76 కిలోలతో సరిపోతుంది. ట్యూబులు మార్చి, పొయ్యి వేడికి దూరంగా బిగించాలి. మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగే పొయ్యిలు కొనాలి. డక్టుకు మూడుచోట్ల తలుపులు పెట్టించి, మొదట పూర్తిగా గీయించి, తర్వాత మూడు నెలలకోసారి తెరిచి చూడాలి.

దూరం చేయగలిగినవి: వడల మూకుడు గుమ్మం నుంచి వంటగదిలోకి వెళ్లాలి. యజమాని ఎక్కువగా ఎదురు చెప్పేది ఇక్కడే, వీధిలో కనిపించకపోతే గిరాకీ పడిపోతుందని. దోసె పెనం అక్కడే ఉండనివ్వవచ్చు. దాని మీద ఉండేది చెంచాడు నూనె, మూకుడులో ఉండేది లీటర్లకొద్దీ నూనె. తర్వాత వెనక సందు. బండలను తలుపు ఎదురు నుంచి ఒక చివరకు జరిపి, గాలి ఆడే ఇనుప జాలీ గదిలో పెట్టాలి. దగ్గర్లో కాలువ మూత ఉండకూడదు. అట్టపెట్టెలు తీసేయాలి. తలుపు తాళం తీసి, లోపలి నుంచి తోస్తే తెరుచుకునే పుష్ బార్ బిగించాలి. బయటి నుంచి దొంగ తీయలేడు, లోపలి నుంచి చంటిపిల్లాడైనా తోయగలడు. వంటగదికీ హాలుకూ మధ్య దానంతటదే మూసుకునే తలుపు కావాలి. అది తెరిచి ఉండేలా సర్వరు చెక్కముక్క అడ్డం పెడితే ఆ తలుపు లేనట్టే.

మెజనైన్ సంగతి కష్టమైనది. ఒకే మెట్ల దారి వంటగది గుమ్మం పక్కన ఉన్నంత కాలం అక్కడ జనాన్ని కూర్చోబెట్టకూడదు. మెట్లను హాలు ముందువైపుకు మార్చగలిగితే, పొగ అలారం, కరెంటు పోయినా వెలిగే ఎమర్జెన్సీ లైటు పెట్టగలిగితే అప్పుడు మళ్లీ అంచనా వేసుకోవచ్చు. అది కుదరకపోతే 16 కుర్చీల ఆదాయం వదులుకోవాలి. ఈ వాక్యం రాయలేని అంచనా ఉత్తుత్తి అంచనా.

మిగిలినదానికి సాధనాలు. హాలులో, మెజనైన్‌లో పొగ డిటెక్టర్లు పెట్టాలి. వంటగదిలో పోపు పొగకే అది మోగుతుంటే రెండో రోజే ఎవరో పీకేస్తారు కాబట్టి అక్కడ వేడిని పసిగట్టే హీట్ డిటెక్టరు సరైనది. గ్యాస్ డిటెక్టరును నేలకు దగ్గరగా బిగించాలి, నడుము ఎత్తున పెడితే ప్రమాదం ముదిరాకే మోగుతుంది. ఆర్పే బండ్లలో రకం ముఖ్యం. కరెంటు బోర్డు దగ్గర కార్బన్ డయాక్సైడ్, హాలులో ఏబీసీ పౌడరు. నూనె మంటకు వెట్ కెమికల్. అది మండే నూనె మీద సబ్బులాంటి పొరగా మారి గాలిని ఆపుతుంది, నూనెను చల్లారుస్తుంది. పౌడరు కొడితే మంట ఆరినట్టే ఆరి, నూనె వేడి తగ్గనందువల్ల మళ్లీ అంటుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ అయితే విసురుగా వచ్చి నూనెను చెదరగొట్టవచ్చు. వెట్ కెమికల్ బండను పొయ్యి పక్కన కాకుండా వంటగది నుంచి బయటికి వెళ్లే దారిలో తగిలించాలి. మంటను దాటి వెళ్లి అందుకోవాల్సిన బండ ఎవరికీ పనికిరాదు. మూకుడు కన్నా పెద్దదైన స్టీలు మూత ఒకటి ఎప్పుడూ మాస్టర్ చేతికందే చోట ఉండాలి. పొయ్యి ఆపి, మూత పక్కనుంచి జరిపి కప్పితే మొదటి క్షణాల్లో చాలా మంటలు అక్కడే ఆగిపోతాయి. మండుతున్న మూకుడును ఎత్తి బయటికి మోయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

కాగితం, కవాతు

ఇదంతా రెండు పేజీల్లో రాయవచ్చు. ఒక్కో వరుసలో నాలుగు గళ్లు: ప్రమాదం ఏమిటి, ఎవరికి, ఏం చేయాలి, ఎవరు ఏ తేదీలోగా? చివరి గడి ఖాళీగా ఉన్న కాగితం ప్రమాదం జరిగిన రోజు యజమానికి వ్యతిరేకంగా సాక్ష్యం అవుతుంది, అతనికి ముందే తెలుసని చెబుతుంది. మన హోటల్‌కైతే బయటి తాళం, బ్యాటరీలు, పగిలిన ట్యూబు, మెజనైన్ మూసివేత అదే రోజు. బండల తగ్గింపు, ఎక్స్‌టెన్షన్ బోర్డు వారంలోపు. డక్టు, పుష్ బార్, అలారాలు నెలలోపు. మెట్ల మార్పుకు ఇంజనీరు లెక్కలు, భవన యజమాని అనుమతి కావాలి కాబట్టి అప్పటిదాకా మెజనైన్ మూసే ఉండాలి.

ఆ కాగితం గల్లాపెట్టెలో ఉంటే చాలదు. పనివాళ్లకు వాళ్ల భాషలో చెప్పాలి, చేయించి చూడాలి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకూడదు, తీయకూడదు. బండ వాల్వు కట్టేయాలి, తలుపులు తెరవాలి, అందరినీ బయటికి పంపాలి, దూరం వెళ్లాకే ఫోను చేయాలి. మూడు నెలలకోసారి రద్దీ తగ్గిన వేళ ఒక కవాతు చేయాలి: ఎవరు గ్యాస్ ఆపుతారు, ఎవరు హాలులోని వాళ్లను వెనక తలుపు వైపు నడిపిస్తారు, పై అంతస్తు వాళ్లకు ఎవరు చెబుతారు? మొదటి కవాతులోనే పుష్ బార్ ముందు ఉల్లిపాయల బస్తా అడ్డం ఉన్నట్టు తెలియవచ్చు. అలాంటివి తెలుసుకోవడానికే కవాతు.

పొయ్యి మారినా, కుర్చీలు పెరిగినా, కొత్త మాస్టర్ వచ్చినా, చిన్న మంట లేచి ఆరిపోయినా అంచనా మళ్లీ వేయాలి. ఏమీ మారకపోయినా ఏడాదికోసారి తప్పదు. పెద్ద భవనంలో ఉన్న హోటల్, సెల్లారులోని వంటగది, బొగ్గు తందూరు ఉన్న చోటు అయితే యజమాని అంచనాతో సరిపెట్టుకోకుండా ఫైర్ ఇంజనీరుకు చూపించాలి.

హోటల్ నడిపేవారు ఈ వారంలో ఒక రాత్రి, షట్టరు దించే వేళకు, టార్చి, తెల్లకాగితం పట్టుకుని తమ హోటల్ మొత్తం ఒకసారి తిరగాలి. గ్యాస్ లీకుకు 1906, మంటకు 101 లేదా 112. ఈ మూడు నంబర్లను పనివాళ్లందరికీ కనిపించేలా వెనక తలుపు మీదే రాయించాలి.